మహిమ గంట ధర

మహిమకు కోపం రాదు. ఆమె బదులు నాకే వస్తుంది. చొప్పదండిలో మా జిరాక్సు షాపు పక్కింట్లోనే ఉంటూ హైదరాబాద్ కంపెనీలకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది. జీతం లేదు, చేసిన గంటలకే డబ్బు. గంటకు నూట యాభై తీసుకుంటోందని తెలిసి నెత్తి కొట్టుకున్నాను.

"గా లెక్క ఎట్ల కట్టినవే?"

"ఏడాదికి మూడు లక్షల అరవై వేలు కావాలక్కా. ఇంటి కిరాయి, చెల్లె ఏంజెల్ నర్సింగు ఫీజు, తిండి. ఆదివారాలు, పండుగలు పోంగ మూడు వందల నాలుగు దినాలు. దినానికి ఎనిమిది గంటలు. భాగిస్తే నూట నలభై ఎనిమిది వచ్చింది."

"పిచ్చిదానా! నెట్టు, కరెంటు, కంప్యూటరు మరమ్మతు ఎవడిస్తడు? పని వెతుకుడు, ఫోన్లు, వాటికి ఎవడన్న పైసలిస్తుండా?"

కాగితం తీసి కూర్చున్నాను. ఖర్చులు అరవై వేలు. కలిపితే నాలుగు లక్షల ఇరవై వేలు రావాలి. ఎనిమిది గంటల్లో డబ్బు వచ్చేవి ఆరే. ఇక దినాలు. వాళ్ల బాపు బెంజమిన్‌కు మంగళ, శుక్రవారాలు కరీంనగర్‌లో డయాలసిస్. ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు, కానీ తోడుండే మహిమకు దినమంతా పోతుంది. ఏడాదికి నూట నాలుగు. మిగిలినవి రెండు వందల దినాలు, పన్నెండు వందల గంటలు. గంటకు మూడు వందల యాభై పడాలి.

గుమ్మంలో కూర్చున్న బెంజమిన్ అంతా వింటున్నాడు. "బిడ్డా, నా దినాలు తీసేస్తే ఎంతైతది?"

నా నోరు ఊరుకుంటుందా! "రెండు వందల ముప్పై చాలు కాకా" అనేశాను.

మహిమ కాగితం లాక్కుంది. "గా దినాలు నేను తియ్య." ఆమె కోపం చూడటం అదే మొదలు.

తర్వాత ఓ కంపెనీ వాడు ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు, గంటకు రెండు వందల నలభై. ఈమె మూడు వందల యాభైకి తగ్గలేదు. వాడు పోయాడు.

"కాకకు ఇంకెవలనన్న తోడు పంపరాదే!" అని తిట్టాను.

"సూది గుచ్చేటప్పుడు బాపు నా చెయ్యే పట్టుకుంటడక్కా."

చిల్లర పనులతో నెట్టుకొచ్చింది. ఏంజెల్ ఫీజు సగమే కట్టగలిగింది. వానాకాలంలో ఓ మంగళవారం డయాలసిస్ మంచం మీదే బెంజమిన్ గుండె ఆగిపోయింది. చెయ్యి మహిమ చేతిలోనే ఉందట.

నెల తిరక్కముందే ఆ కంపెనీ వాడు మళ్లీ ఫోన్ చేశాడు. అదే రెండు వందల నలభై. మహిమ పాత కాగితం తెచ్చి, నూట నాలుగు కొట్టెయ్యమంది. నేను పెన్ను ఆమె ముందుకే జరిపాను. తనే కొట్టేసింది. పద్దెనిమిది వందల ఇరవై నాలుగు గంటలు. రెండు వందల ముప్పై. ఆ రోజు కాకకు నేను చెప్పిన అంకే. నా నోరు పడిపోయినా బాగుండేది.

మహిమ ఫోన్ తీసింది.

"ఒప్పుకుంటున్న సార్. ఇప్పుడు నాకు మంగళారం, శుక్రారం గూడ ఖాళీనే."