ఉత్తరం కింద రెండంగుళాల ఖాళీ

ఇరవై రెండేళ్లు ఆవిడ ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తా. ప్రిన్సిపాల్‌కి వచ్చిన మెయిళ్లు తెరవడం, పనికొచ్చేవి ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం, మిగతావి చెరిపేయడం ఆవిడ పని. ఎన్ని కోచింగ్ సెంటర్ల ఉత్తరాలు ఆ చేత్తో చెరిపేసిందో లెక్కలేదు.

రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవలేదు. డబ్బాల మీద చీటీలు అంటించడం మొదలుపెట్టింది. పప్పు డబ్బా మీద తేదీ కూడా రాసిన రోజు భర్త దణ్ణం పెట్టాడు. "తల్లీ, నన్ను కూడా ఫైల్లో పెట్టేలోపు ఎక్కడైనా ఉద్యోగం చూసుకో."

అలా ఒక కోచింగ్ సెంటర్లో చేరింది. మూడు నెలలు పని చూసి అప్పుడు ఖాయం చేస్తామన్నారు. రెండు నెలలు గడిచాయి.

డైరెక్టర్‌కి ఆవిడ కొడుకు వయసుంటుంది. అందరూ ఆవిడని ఆఫీసమ్మ అంటారు, అతనూ అంతే. ఆ సోమవారం పొద్దున పిలిచాడు.

"ఆఫీసమ్మగారూ, తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కల వర్క్‌షాప్ అని నలభై స్కూళ్లకి మెయిల్ పెట్టాం. ఒక్కరూ ఉలకరు, పలకరు. నెలాఖరుకి ఒక్క స్కూలైనా ఒప్పుకోకపోతే ఈ పనే ఆపేస్తాను. మీ సీటు కూడా..."

ఆవిడ ఆ మెయిల్ చదివింది. నలభై అడ్రసులూ ఒకే వరసలో అందరికీ కనిపిస్తున్నాయి. పైన "గౌరవనీయులైన సర్/మేడమ్". కింద ర్యాంకులు, ఫొటోలు, పన్నెండు పేజీల బ్రోచర్. చివర్లో, పిల్లల పేర్లూ తల్లిదండ్రుల ఫోన్ నంబర్లూ ముందుగా పంపాలని.

"నేనైతే రెండో లైన్ దగ్గరే చెరిపేసేదాన్ని," అంది.

"అంత బాగాలేదా?"

"మీ గురించి బాగానే ఉంది. వాళ్ల పిల్లల గురించే ఏమీ లేదు."

పక్క గదిలోంచి లెక్కల మాస్టారు నవ్వడం వినిపించింది.

ఆవిడ కొత్తది రాసింది. ప్రతి స్కూలుకీ విడిగా, పైన ఆ ప్రిన్సిపాల్ పేరు పెట్టి. పరీక్షలో తెలిసిన లెక్కే తప్పు చేసి వచ్చే పిల్లలకి తొంభై నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. ఎవరు చెబుతారు, ఏం చెబుతారు, ఏ రెండు తేదీల్లో వీలవుతుంది. క్లాస్ టీచర్ గదిలోనే ఉండొచ్చు. ఉచితం. పాంప్లెట్లు పంచం. పిల్లల ఫోన్ నంబర్లు అడగం.

డైరెక్టర్ ఆ చివరి మాట దగ్గర ఆగాడు. "నంబర్లు లేకపోతే మనకెందుకమ్మా ఈ తంటా?"

"మాస్టారు బాగా చెబితే పిల్లలే ఇంటికెళ్లి చెబుతారు. చెప్పకపోతే నంబర్లున్నా ఎవరూ రారు."

"నా మీద భారం వేశారేంటండీ!" పక్క గదిలోంచి మాస్టారి గొంతు.

"సరే. మరి కింద ఇంత ఖాళీ ఏంటి? రెండంగుళాలు. అందులో మన ర్యాంకులు వేయొచ్చుగా."

"అది ప్రిన్సిపాల్ గారి చోటు. ఆ స్కూల్లో గుమాస్తా ప్రింటు తీసి ఆయన ముందు పెడుతుంది. ఆయనకి రాయడానికి చోటుండాలి."

"ఎవరైనా మెయిల్‌కి ప్రింటు తీస్తారా ఈ రోజుల్లో!"

ఆవిడ మంగళవారం పదకొండు దాటాక పంపింది. అప్పటికి స్కూళ్లలో హాజరు పట్టీల పని అయిపోతుంది.

రెండు మంగళవారాలు గడిచాయి. ముగ్గురు కుదరదన్నారు. మిగతావాళ్లకి ఆవిడ మూడు లైన్లలో మర్యాదగా ఒక్కసారి గుర్తు చేసింది. నెలాఖరుకి నాలుగు రోజులున్నాయి. డైరెక్టర్ ఆవిడ బల్ల దగ్గరికి రావడం మానేశాడు. ఆవిడ సొంత పెన్నులు సంచిలో వేసుకుంది. మళ్లీ తీసి బల్ల మీద పెట్టింది.

మర్నాడు పన్నెండుకి ఒక మెయిల్ వచ్చింది. లోపల మాటలేమీ లేవు. స్కాన్ చేసిన కాగితం ఒకటి. ఆవిడ ఉత్తరమే. కింద రెండంగుళాల ఖాళీలో ఆకుపచ్చ సిరా, కొంచెం వంకర చేతిరాత.

"మీరిచ్చిన వాటిలో రెండో తేదీ సరే. ఐదు, ఆరు పీరియడ్లు. నేనూ వెనక బెంచీలో కూర్చుంటాను. నంబర్లు అడిగితే మధ్యలోనే పంపేస్తాను."

డైరెక్టర్ రెండుసార్లు చదివాడు. మాస్టారు చేతిలో చాక్‌పీసుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఆయన వెనక బెంచీలోనా? నా పని అయిపోయింది!"

"మీకేం భయం? తెలిసిన లెక్క ఆయనా తప్పుతారేమో, ఆయనకీ పనికొస్తుంది," అంది ఆఫీసమ్మ.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మిగతా స్కూళ్లకి వచ్చే నెల రాద్దాం. ఆ ఖాళీ..."

"ఆ?"

"మూడంగుళాలు చేద్దామా?"

"రెండు చాలు నాయనా. మరీ చోటిస్తే షరతులు పెరుగుతాయి."

ఆవిడ ఆ కాగితం ప్రింటు తీసింది. కొత్త ఫైలు తెరిచి, అట్ట మీద తేదీ రాసింది.