తలుపు బదులు మంచం

ఇంగ్లీషు కాగితంలో తలుపు అని ఉంది. నేను మంచం అని రాశాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ మాట గుర్తొస్తే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అరవైల్లో ఆగిరిపల్లి వైపు ఒక బళ్ళో తెలుగు చెప్పేవాణ్ణి. మామిడికాయ కోతల్లో చెట్టు మీంచి పడ్డవాళ్ళో, కత్తితో చెయ్యి తెగినవాళ్ళో ఏటా ఉండేవాళ్ళు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే బండి మీద నూజివీడు చేరాలి. ఆ డాక్టరుగారు తోటల్లో అంటించడానికని ప్రథమ చికిత్స కాగితం ఒకటి ఇంగ్లీషులో రాసి, తెలుగు చెయ్యమని నా చేతికిచ్చారు. ఆయనది మద్రాసు వైపు. తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. ఒకడు చదువుతుంటే, చేతులు వణుకుతున్న ఇంకొకడు విని వెంటనే చెయ్యగలగాలి, అంతే కావాలన్నారు.

నేను ‘క్షతగాత్రుని రక్తస్రావమును నిరోధించుటకు’ అంటూ మొదలుపెట్టాను. వినిపిస్తే, ఇది పూర్తయ్యేలోపు మనిషి పోతాడన్నారు. నాకు రోషం వచ్చింది. ఆ రోషంతోనే కూర్చుని కుదించాను. ఒక వాక్యానికి ఒక్క పని. ‘రక్తం కారుతోందా? శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమండి. తీసి చూడకండి.’ ఒక తోటకు వెళ్ళి కూలీలకు చదివి, ఒకణ్ణి పడుకోబెట్టి, మిగతావాళ్ళ చేత చేయించి చూశాను. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ మాట మార్చాను. అంతవరకూ పని బాగానే చేశాను.

చెట్టు మీంచి పడ్డవాణ్ణి లేపకండి, కూర్చోబెట్టకండి, మెడా నడుమూ వంగనివ్వకండి, తలుపు మీదో వెడల్పాటి చెక్క మీదో పడుకోబెట్టి మొయ్యండి అని డాక్టరుగారు రాశారు. కూలీల గుడిసెలకు తాటాకు తడికలే గానీ తలుపులెక్కడివి? మంచమైతే ఇంటింటా ఉంది. మన వైపు రోగిని ఎక్కడికైనా మంచం మీదే కదా మోసుకెళ్ళేది. ‘మంచం మీద పడుకోబెట్టి మొయ్యండి’ అని రాసి, ఊరికి తగ్గట్టు మార్చానని తెగ మురిసిపోయాను.

తోటలో అది చదివి వినిపించినప్పుడు కాయలేరే ఒకావిడ అడిగింది. “నులక మంచం నడుం కాడ కుంగుద్ది కదండీ, మేష్టారూ?”

నులక బిగించి కట్టుకోవాలమ్మా అని విసుక్కున్నాను. అప్పటికే నాలుగుసార్లు తిరగరాసి ఉన్నాను. ఆవిడ మళ్ళీ కాయలేరడానికి పోయింది. ఆ తోటలో చెట్లెక్కి కోసేది ఆవిడ మొగుడే. చివరి ప్రతి డాక్టరుగారికి వినిపించనూ లేదు, మళ్ళీ ఏం వంక పెడతారోనని. పెద్ద అక్షరాలతో రాసి, ఆ తోటలో కాయలు పోసే గది తలుపుకు నేనే అంటించి వచ్చాను.

ఆ వేసవిలోనే ఆవిడ మొగుడు రసాల చెట్టు మీంచి పడ్డాడు. కబురు తెలిసి సైకిలు మీద నూజివీడు వెళ్ళాను. నేను చేరేసరికి డాక్టరుగారు ఆస్పత్రి వరండాలో మంచం పక్కన నిలబడి ఉన్నారు. దాని నులక మధ్యలో ఉయ్యాలలా కుంగిపోయి ఉంది. అతని కాళ్ళల్లో చలనం లేదు. తోటలో వేళ్ళు కదిపాడని ఒకరన్నారు, లేదని ఇంకొకరన్నారు. పడ్డప్పుడే పోయాయో, మోస్తుంటే నడుం వంగి పోయాయో ఇక చెప్పలేమన్నారు డాక్టరుగారు. తరవాత నావైపు తిరిగి అడిగారు.

“నేను చెక్క అని రాశాను కదండీ?”

నేను మార్చానని చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత తేలిగ్గా ఉండేదేమో.

మర్నాడు ఆ కాగితం పీకెయ్యడానికి తోటకు వెళ్ళాను. అప్పుడు చూశాను తలుపుని. ఒంటి రెక్క తలుపు, టేకుది, నిలువెత్తు మనిషి హాయిగా పట్టేంత పొడవూ వెడల్పూ. రెండు బందులు ఊడదీస్తే చేతికొచ్చేది. దాని ముందే నిలబడి నా రాత చదువుకుని, మంచం కోసం కూలీల గుడిసెలదాకా పరిగెత్తారట. కొత్త కాగితం మీద ‘ఈ తలుపు ఊడదీయండి. దీని మీద మొయ్యండి.’ అని రాసి అక్కడే అంటించాను. అన్ని తోటల్లోనూ మార్చాను. అతనికి మాత్రం అది ఎందుకూ పనికిరాలేదు.

కొన్నాళ్ళకు ధైర్యం చేసి వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. అతను అదే మంచం మీద ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే, నేనేదో తప్పు పట్టడానికి వచ్చాననుకుందో ఏమో, ఆవిడ గబగబా చెప్పింది.

“మేమేం మార్చలేదండీ. లేపలేదు, కూకోబెట్టలేదు. నులక కూడా బిగించే కట్టామండీ, మీరు చెప్పినట్టే.”

తప్పు నాదమ్మా అని చెప్పాలని వెళ్ళినవాణ్ణి, తలూపి వచ్చేశాను.