పామూరు అక్క ఫైళ్లు

మార్కాపురం పశువైద్య శాఖ ఆఫీసులో గొర్రెల టీకాల లెక్కలు డేటాబేస్‌లోకి ఎక్కించడం నా పని. మండలాలన్నీ ఒకే మెయిల్‌కి ఎక్సెల్ ఫైళ్లు పంపేవి. రోజూ పదింటికి నేను రాసిన ప్రోగ్రాం వాటిని తెరిచేది. ఫైలు పేరులో మండలం, తేదీ ఉండాలి. పామూరు మండలం ఆఫీసు నుంచి పంపే అక్క మాత్రం "తమ్ముడూ నిన్నటిది కాదు ఇదే" అని పేరు పెట్టేది. ప్రోగ్రాం దాన్ని వదిలేసేది, నేను ఫోన్ చేసేవాణ్ణి.

"నీ మిషనుకు తెలుగు రాదా ఏంది?"

"దానికి మర్యాద కూడా రాదక్కా."

అట్ల పావుగంట. ఈ ఊళ్లో నాతో మాట్లాడేది ఇద్దరే: ఫోన్లో ఆమె, ఇక్కడ నేను తినే మెస్సు ఓనరు. ఓనరు బాకీ గురించే మాట్లాడతాడు.

రోజూ ఈ ఫోన్లేందని మా ఆఫీసు సారు విసుక్కుంటే ప్రోగ్రాం మార్చినాను. ఇప్పుడది పేరు చూడదు, లోపలి కాలమ్‌లు చూస్తుంది. అవే వరుసలు మళ్లీ వస్తే ఒక్కసారే ఎక్కిస్తుంది. చదవలేని ఫైలును పక్కనపెట్టి, పంపినవాళ్లకు తనే మెయిల్ కొడుతుంది. సారు మెచ్చుకున్నాడు. అక్కతో నా మాటలు అంతటితో ఆగిపోయినాయి.

నెల తర్వాత అక్క ఎక్సెల్‌కు బదులు కాగితం ఫోటో పంపింది. సంతోషంగా ఫోన్ చేసినాను.

"మెయిల్ వచ్చింది తమ్ముడూ, సరిచేసి పంపించినా. నీకెందుకు శ్రమ?"

పామూరులో వాన పడిందా అన్నాను. మా వైపు వాన సంగతి అడిగితే ఎవరూ వెంటనే ఫోన్ పెట్టేయరు.