చెయ్యి పెట్టనన్న నర్సు

ఆ గుంటూరు పిల్ల ఏ మాటైనా మొహం మీదే చెప్పేసేది. అమెరికాలో, ఆష్‌బర్న్ ఆసుపత్రిలో నర్సు. ఐదో నెలలో మా అమ్మాయికి ఉమ్మనీరు పోయి రక్తం పడుతుంటే, గర్భం తీసేయాలన్నాడు డాక్టరు.

"ఆ పనిలో నేను చెయ్యి పెట్టను ఆంటీ. కడుపు తీసెయ్యడం పాపమని నా నమ్మకం. ఉద్యోగంలో చేరినప్పుడే రాసిచ్చా. వేరే నర్సుని పిలిచారు."

"ఈలోగా నా పిల్లకేమైనా అయితే?"

"ఆవిడొచ్చేదాకా కదల్ను," అంటూ బీపీ చూస్తూ, సెలైన్ మారుస్తూ అక్కడే ఉంది.

ఆ రెండో నర్సు వేరే ఆపరేషన్‌లో చిక్కుకుపోయింది. ఇంతలో రక్తం పరుపంతా తడిపేసింది.

"ప్రాణం మీదికొచ్చాక, ఇంకెవరూ లేకపోతే, నేను కాదనకూడదు ఆంటీ," అంటూ తనే మంచాన్ని థియేటర్‌లోకి తోసుకుపోయింది.

గంటకి బయటికొచ్చి, "మీ అమ్మాయి బాగుంది," అంది. నేను చేతులు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"థాంక్స్ చెప్పకండి ఆంటీ. లోపల డాక్టరుకి పనిముట్లన్నీ నేనే అందించాను."