గబ్బిలాలు రాలిన మధ్యాహ్నం

కూర్మన్నపాలెంలో మా క్వార్టర్‌కి ఎదురుగా, రోడ్డు అవతల రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లున్నాయి. వాటి నిండా గబ్బిలాలు. పాతగోడల పగుళ్ళలో దాక్కునే చిన్నవి కావు, పళ్ళు తిని బతికేవి. కుక్కపిల్ల మొహం, మెడ చుట్టూ ఎర్రటి బొచ్చు, రెక్కలు చాపితే నాలుగడుగులు.

గోదావరి వైపు నుంచి స్టీల్ ప్లాంటు ఉద్యోగానికొచ్చిన కొత్తలో వాటి గోలకి బెదిరిపోయాను. పగలు రెక్కలు ఒంటికి చుట్టుకుని, తలకిందులుగా గొణుక్కుంటూ వేలాడేవి. పొద్దు వాలగానే తగువులు మొదలయ్యేవి. ఒకటి పక్కదాని చోట్లోకి జరిగితే అది రెక్కతో కొట్టేది, రెక్క మీది బొటనవేలి గోరుతో గీరేది, పళ్ళు బయటపెట్టి కీచుమనేది. ఆ తగువు ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి పాకి చెట్టంతా హోరెత్తేది. మలమూత్రాలకి మాత్రం తిరగబడేవి. బొటనవేళ్ళతో కొమ్మ పట్టుకుని, తల పైకి పెట్టి, పని కానిచ్చుకుని మళ్ళీ కాళ్ళతో వేలాడేవి. మా పక్కింటాయన స్కూటర్ ఆ చెట్ల నీడలోనే పెట్టేవాడు, రోజూ కడుక్కునేవాడు. ఆయనది జాలరిపేట, ప్లాంట్లో క్రేన్ ఆపరేటర్. నన్ను బావా అని పిలుస్తాడు.

ఓ ఏడాది మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం, పొద్దుటి ‘ఎ’ షిఫ్టు దిగి వచ్చాను. గాలి స్తంభించిపోయింది. మిల్లులో ఎర్రగా కాలిన ఉక్కు పక్కన నిలబడి వచ్చినవాణ్ణి, అయినా రోడ్డు మీద ఊపిరాడలేదు. చెట్ల కిందికి వచ్చాక ఏదో తేడా అనిపించింది. ఒక్క చప్పుడూ లేదు.

తలెత్తి చూశాను. అన్నీ ఒకేసారి రెక్కలతో విసురుకుంటున్నాయి. నోళ్ళు తెరిచి రొప్పుతూ, రొమ్మునీ రెక్కల్నీ నాక్కుని ఉమ్మితో తడుపుకుంటున్నాయి. కాసేపటికి కొన్ని నీడ కోసం మానుకేసి పాక్కుంటూ వచ్చి, అక్కడ ఒకదాని మీదొకటి గుత్తులుగా అతుక్కున్నాయి. ఆ గుత్తిలోంచి ఒకటి జారి, తడిబట్ట పడ్డట్టు నా ముందు పడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క లేదు.

పక్కింటాయన బనీనుతోనే బయటికొచ్చాడు.

“ఏటి బావా, ఇలా రాలిపోతన్నాయేటి?”



మా ఆవిడ జంతువుల్ని కాపాడే ఒకమ్మాయి నంబరు కనుక్కుని ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. “ఒట్టి చేతులతో ముట్టుకోకండి సార్, కరుస్తాయి, జబ్బులొస్తాయి. నీళ్ళు ధారగా కొట్టొద్దు. బెదిరి ఎగిరితే ఇంకా వేడెక్కిపోతాయి. తుంపర పడేలా చూడండి. నేను బయల్దేరుతున్నా” అంది.

పక్కింటాయన పైపు తెచ్చాడు. మూతికి వేలు అడ్డుపెట్టి, మాను మీద సన్నగా చిమ్మాడు. కొన్ని ఆ తడిని నాకాయి. నేను ప్లాంటు గ్లవుజులు వేసుకుని కింద పడ్డవాటిని చూస్తున్నాను. ఒకదాని రెక్క ఎత్తితే లోపల పిల్ల కదిలింది. చచ్చిన తల్లి చంకలో చన్ను నోట పట్టుకుని, కాళ్ళతో బొచ్చుని కరుచుకుని ఉంది. మా ఆవిడ మందపాటి తువ్వాలు అందించింది. “మెల్లిగా తియ్యండి, మెల్లిగా” అంటూనే ఏడుస్తోంది.

సాయంత్రానికి ఆ అమ్మాయి వచ్చింది. దొరికిన పిల్లల్ని బుట్ట లోపల గుడ్డకి వేలాడదీసింది. సముద్రం గాలి తిరిగింది. వెలుగు తగ్గుతుండగా పైకొమ్మ మీద ఏదో కీచుమంది. ఇంకోటి ఎదురు తిరిగింది. తగువు మొదలైంది. ఆ గోల వింటే నా కళ్ళు చెమర్చాయి. ఒక్కొక్కటే కొమ్మ వదిలి, రెక్కలు బరువుగా ఆడిస్తూ మేతకి వెళ్ళిపోయాయి.

“ఇంకా శానా ఉన్నాయి బావా. అలిసిపోయి పడుకున్నాయి, పాపం,” అన్నాడు పక్కింటాయన.

ఆ అమ్మాయి టార్చి వేసింది. కొమ్మల నిండా ఉన్నాయి. రెక్కలు జారిపోయి, కదలకుండా.

“అవి బతికి లేవు సార్,” అంది. ఒంటి బరువు పడగానే కాలిలో నరం బిగిసి గోళ్ళు కొమ్మకి పట్టేస్తాయట. వేలాడటానికి వాటికి బలం అక్కర్లేదు, వదలడానికే కావాలి. పాకుతూ వచ్చినవి పట్టు తప్పి పడ్డాయి. ఉన్నచోటే ప్రాణం పోయినవి అలాగే ఉండిపోయాయి.

పక్కింటాయన అరుగు మీద కూలబడ్డాడు. “మరైతే నాను ఇందాకట్నుంచీ నీళ్ళు కొట్టింది…” అని ఆగిపోయాడు. ఆ అమ్మాయి, “వెళ్ళినవి వెళ్ళాయంటే ఆ నీళ్ళ వల్ల కూడా అయ్యుండొచ్చు” అంది. ఆయన తల ఊపాడు గానీ, నమ్మినట్టు లేడు.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని పక్కింటాయనా నేనూ ఎక్కాం. చచ్చినా పట్టు సడలలేదు. ఒక్కో గోరూ కొమ్మ నుంచి విడదీసి, ఒక్కోదాన్నీ కిందికి దించాం.