కత్తెరకు దొరకని రాత

ఫొటో స్టూడియో ఆన్‌లైన్ పేజీలో ఫొటోల కింద రాతలు సరిచూసేది మేనకోడలు. ఆమెకు ఇంట్లో పేరు కత్తెర. స్టూడియో నడిపే మావయ్యకేమో చేంతాడంత రాయందే నిద్రపట్టదు.

ముందుపళ్లు ఊడిన పిల్ల పకపకా నవ్వుతున్న ఫొటోకు ఆయన పెద్ద పేరా రాసుకొచ్చాడు. ఆమె అంతా కొట్టేసి "తొర్రి!" అని ఒక్క మాట ఉంచింది.

"నా రాతంటే నీకంత కంటగింపేంటే?"

"నవ్వు కనబడుతూనే ఉంది కదా మావయ్యా, మళ్లీ మనం చెప్పడం దేనికి?"

మర్నాడు స్టూడియోలోని పాత స్టూలు ఫొటో పెట్టి, కింద "స్టూలు" అని రాసింది. ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ స్టూలు అసలు సంగతి ఫొటోలో కనబడదని ఆమెకు అప్పుడు తట్టింది.

"దీనికి మాత్రం నువ్వే రాయి" అంది మూతి ముడుచుకుని.

ఆయన రాశాడు: "బడి ఫొటోకని వచ్చి ఈ స్టూలెక్కి ఏడవని పిల్లలు మన వీధిలో లేరు. ఒక పిల్లయితే చాక్లెట్ చూపిస్తే ఆపేది, ఫ్లాష్ వెలగ్గానే మళ్లీ అందుకునేది. ఆ పిల్లే ఇప్పుడు నా రాతలకు కత్తెర వేస్తోంది."

చదివి ఆమె పడీపడీ నవ్వింది. మావయ్య టక్కున ఆ నవ్వును ఫొటో తీసి పేజీలో పెట్టేశాడు. కింద ఒకే ఒక్క మాట: "కొట్టెయ్యలేదు!"