రెండు నిమిషాల్లో మా లేసు కథ

నరసాపురంలో మా పిన్నీ నేనూ ఇంటి వసారాలో లేసు వ్యాపారం మొదలుపెట్టి అప్పటికి ఏడాదయింది. రాజమండ్రిలో ఒక హోటల్ హాల్లో, చిన్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవాళ్ల ముందు రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. వారం రోజులు పిన్ని ఫోనులో టైమర్ పెట్టుకుని నా చేత సాధన చేయించింది. ప్రతిసారీ మా అమ్మమ్మ అల్లికతో మొదలుపెట్టి, అడగాల్సిన డబ్బు మాట దగ్గరికి రాకముందే టైమర్ మోగేది.

"అమ్మమ్మని వదిలెయ్యవే. ముందు ఇవి వాళ్ల చేతిలో పెట్టు," అంది పిన్ని, బల్ల మీద పరిచే రెండు లేసు మ్యాట్లు నాకిచ్చి.

ఆ రోజు పెట్టుబడి పెట్టేవాళ్లలో నా ఎదురుగా కూర్చున్నావిడ కొబ్బరి నూనె మిల్లు నడిపిన పెద్దావిడ. రెండు మ్యాట్లూ ఆవిడ ముందు పరిచాను. ఒకటి రెండో దానికంటే వేలెడు పెద్దది.

"ఒకటే దారం, ఒకటే డిజైనండి. కానీ అల్లే చెయ్యి మారితే కొలత మారిపోతుంది. సెట్టులో ఒక్కటి తేడా వచ్చినా షాపువాళ్లు మొత్తం వెనక్కి పంపేస్తారు. అల్లినవాళ్ల కష్టం వృథా. మేము ప్రతి ముక్కనీ ఉతికి, గంజి పెట్టి, కొలత గీసిన చెక్క మీద పిన్నులతో బిగించి ఆరబెడతాం. ఏడాదిలో అరవై మంది అల్లేవాళ్లు మాతో చేరారు. మునుపు నూటికి పది వెనక్కి వచ్చేవి, ఇప్పుడు రెండే. రెండు షాపులు మూడోసారి ఆర్డరిచ్చాయి. ఇంకో రెండు ఊళ్లలో ఈ పనికి గదులు పెట్టడానికి పన్నెండు లక్షలు కావాలి. బదులుగా కంపెనీలో పది శాతం వాటా ఇస్తాం."

రెండు నిమిషాలు అయ్యాయని చెప్పే గంట ఇంకా మోగలేదు. నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆవిడ మ్యాటు అంచు వేలితో తడిమి, "ఈ చెక్కల దగ్గర పని ఎవరు చూస్తారండి?" అని అడిగారు.

"మా పిన్నండి."

"ఆవిడకి ఒంట్లో బాగోకపోతే?"

"ప్రస్తుతానికి ఇంకెవరూ లేరండి," అన్నాను.

"ఇద్దరికి నేర్పించి రండమ్మా. అప్పుడు మాట్లాడదాం."

తిరుగు రైల్లో ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి చెప్తే పిన్ని మాత్రం బాధపడలేదు. "సరిగ్గానే అడిగింది కదే," అని మర్నాడే పక్క వీధిలోని ఇద్దరు ఆడవాళ్లని పిలిపించింది. మూడు నెలల తర్వాత ఆ మిల్లు ఆవిడే నరసాపురం వచ్చి, పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ఇద్దరి చేత పని చేయించి చూశారు. పన్నెండు కాదు గానీ, ఎనిమిది లక్షలు పెట్టారు. ఒక ఊళ్లో గది తెరిచాం.

ఆ తర్వాత చాలా చోట్ల మాట్లాడాను. ఇప్పుడు తడబాటు లేదు. కానీ తలుచుకుంటే గుర్తొచ్చేది ఆ మూడు నెలలే. మధ్యాహ్నం వసారా నిండా గంజి వాసన. పిన్ని కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వంకరగా గుచ్చిన పిన్ను పీకేస్తూ, "మళ్లీ పెట్టమ్మా, తొందరేం లేదు," అనేది. పిన్నులు కింద పడితే నలుగురం నేల మీద వెతుక్కుంటూ నవ్వుకునేవాళ్లం.